సీసాలో దయ్యం, తిత్తిలో ప్రేమ: ఒక జానపద కథ ఆధునిక కథగా మారిన వైనం

మన ఇళ్లలో నానీలు, దాదీలు చెప్పిన కిస్సాలకూ, పత్రికల్లో అచ్చయ్యే కథలకూ తేడా ఏమిటని అడిగితే చాలామంది భాష గురించి చెబుతారు. పాత కథలో రాజులు, దయ్యాలు ఉంటాయని, కొత్త కథలో ఆఫీసులు, బస్సులు ఉంటాయని మరికొందరు అంటారు. ఇవి పైపై తేడాలు. రాజునూ దయ్యాన్నీ అలాగే ఉంచి, సంఘటనల వరుసను కూడా పెద్దగా కదపకుండా పాత కథను పూర్తిగా కొత్త కథగా మార్చవచ్చు. అది ఎలా జరుగుతుందో ఒకే ఒక్క కథను పట్టుకుని చూద్దాం. ఈ కథ ఒక రూపంలో బెంగాల్‌లో, మరో రూపంలో రాజస్థాన్‌లో దొరుకుతుంది.

ముందు బెంగాల్ రూపం. లాల్ బిహారీ డే అనే బెంగాలీ రచయిత 1883లో బెంగాలీ జానపద కథల సంపుటం ఒకటి ఇంగ్లీషులో ప్రచురించారు. అందులో బ్రాహ్మణుడి వేషం వేసిన దయ్యం కథ ఉంది. దాని సారాంశం ఇది.

ఒక పేద బ్రాహ్మణుడికి పెళ్లి కావడమే గగనమైంది. ఆ ఇంటా ఈ ఇంటా అడిగి డబ్బు పోగుచేసుకుని చివరికి పెళ్లాడాడు. భార్యను తెచ్చి తల్లి దగ్గర ఉంచాడు. ఇల్లు గడవాలంటే సంపాదన కావాలి కనుక దూరదేశం బయలుదేరాడు.  ఒక దయ్యం అచ్చం అతని రూపం ధరించి ఇంటికొచ్చింది. ఇంత తొందరగా తిరిగొచ్చావేమిటని భార్య అడిగితే ఏదో సాకు చెప్పింది. తల్లికి గానీ భార్యకు గానీ అనుమానం రాలేదు. కొన్నేళ్లు గడిచాయి. అసలు బ్రాహ్మణుడు సంపాదించుకుని వచ్చేసరికి గుమ్మంలో తనలాంటి మరో మనిషి నిలబడి, నువ్వెవరని నిలదీశాడు.

అతను రాజు దగ్గరికి వెళ్లాడు. ఇద్దరూ ఒకే అచ్చులో ఉన్నారు, ఒకే మాట చెబుతున్నారు. రాజుకు ఏమీ తోచక రేపు రమ్మన్నాడు, మర్నాడూ అదే మాట. బ్రాహ్మణుడు ఏడుస్తూ పోతుంటే దారిలో పశువులు కాసుకునే పిల్లలు రాజు, మంత్రి ఆట ఆడుకుంటున్నారు. ఆటలో రాజైన పిల్లవాడు అతని గోడు విని, ఈ తీర్పు నేను చెబుతానన్నాడు. అసలు రాజు అనుమతి కూడా దొరికింది. మర్నాడు పిల్లవాడు సన్నమూతి సీసా ఒకటి బయటికి తీశాడు. మీ ఇద్దరిలో ఎవరు ఇందులో దూరగలరో వారిదే ఇల్లు అన్నాడు. మనిషి సీసాలో ఎలా దూరతాడని బ్రాహ్మణుడు వాపోయాడు. దయ్యం మాత్రం పురుగంతై లోపలికి జారింది. పిల్లవాడు చటుక్కున బిరడా బిగించి, దీన్ని సముద్రంలో పారెయ్యమని బ్రాహ్మణుడికి ఇచ్చాడు. అతను ఇంటికి వెళ్లి, బిడ్డాపాపలతో చల్లగా ఉన్నాడు. కథ కంచికి, మనం ఇంటికి.

మర్యాద రామన్న తీర్పులు విన్నవాళ్లకు ఈ పద్ధతి కొత్తది కాదు. పెద్దలకు తేలని చిక్కును ఒక సామాన్యుడు చిన్న ఉపాయంతో విప్పుతాడు. దయ్యాన్ని దాని గొప్పతోనే పాత్రలోకి రప్పించడం అలిఫ్ లైలా విన్నవాళ్లకు కూడా తెలుసు. ఇంత పెద్దవాడివి ఈ చిన్న కూజాలో ఎలా పట్టావని జాలరి ఆశ్చర్యపోతే, చూపిస్తానని జిన్ను మళ్లీ అందులోకి వెళ్లి చిక్కుకుంటాడు. లోకంలోని జానపద కథలను రకాలుగా విడదీసి అంకెలు వేసిన సూచిక ఒకటి ఉంది. మన దయ్యం, సీసా కథకు అందులో 926 ఏ అనే అంకె ఉంది. తెలివైన న్యాయాధికారి, కుండలో దయ్యం అని దాని పేరు. అంటే ఇది ఒక ఊరి కథ కాదు, చాలా చోట్ల తిరిగిన కథ.

ఇప్పుడు ఈ కథ అడుగుతున్న ప్రశ్న ఏమిటో చూడండి. ఇద్దరిలో అసలు మొగుడు ఎవరు? అంతే. ఈ ప్రశ్నకు జవాబు ఉంది, దాన్ని తేల్చే పరీక్ష ఉంది, తేలాక కథకు పని అయిపోయింది. అందుకే కథకు అవసరం లేనివేవీ ఇందులో లేవు. ఎవరికీ పేర్లు లేవు. దయ్యం ఎందుకు వచ్చిందో చెప్పలేదు, చెడ్డపని చేయడం దయ్యం నైజం, అంతే. అన్నిటికన్నా ముఖ్యంగా భార్య తన మనసులో మాట ఒక్కటీ చెప్పదు. ఇన్నేళ్లు తనతో కాపురం చేసింది దయ్యమని తెలిసినప్పుడు ఆమెకు ఏమనిపించిందో కథ అడగదు. ఆమె ఇల్లు, తల్లి లాగే తగాదాలో ఉన్న ఒక సొత్తు. తీర్పు అసలు యజమానికి వచ్చింది, సొత్తు తిరిగి చేరింది.

ఇక్కడి నుంచి రాజస్థాన్‌కు వెళ్దాం. జోధ్‌పూర్ జిల్లాలో బోరుందా అనే పల్లె ఉంది. విజయదాన్ దేథా (1926–2013) జీవితమంతా దాదాపు అక్కడే గడిపారు. 1960లో ఆయన, జానపద పరిశోధకుడు కోమల్ కోఠారీ కలిసి అక్కడ రూపాయన్ సంస్థాన్ అనే సంస్థను స్థాపించారు. కోఠారీ పాటలనూ వాయిద్యాలనూ పట్టుకుంటే, దేథా కథలను పట్టుకున్నారు. ఊళ్లో వాళ్లు, ముఖ్యంగా ఆడవాళ్లు చెప్పే కథలు విన్నారు. రాజస్థానీ భాషలోనే వాటిని తిరగరాశారు. అవి ‘బాతాఁ రీ ఫులవాడీ’, అంటే మాటల పూదోట, అనే పేరుతో 14 సంపుటాలయ్యాయి. ఈ రచనకే ఆయనకు 1974లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. ఆయన విన్నదాన్ని విన్నట్టుగా దించుకోలేదు. కథ ఎముకలు అలాగే ఉంచి, మిగతా ఒళ్లంతా తానే పోశారు. వాటిలో అందరికన్నా ఎక్కువమందికి తెలిసినది ‘దువిధా’. ఎటూ తేల్చుకోలేక మనసు రెండుగా ఊగే స్థితిని ఆ మాట చెబుతుంది.

దువిధా కథ ఇలా సాగుతుంది. ఒక ధనిక సేఠ్ కొడుకు పెళ్లి చేసుకుని వస్తున్నాడు. పెళ్లివారు దారిలో ఒక ఖేజ్‌డీ చెట్టు నీడన ఆగారు. ఖేజ్‌డీ అంటే మన జమ్మిచెట్టే. దాని మీద ఒక భూతం ఉంది. పెళ్లికూతురి ముఖం చూసి అది మనసు పారేసుకుంది. ఆమెను ఆవహించవచ్చు, కానీ ఆవహిస్తే ఆమెకు బాధ కలుగుతుందని ఊరుకుంది. పెళ్లివారు కదిలారు. దారిలో కైర్ అనే ముళ్లపొదకు ఎర్రని పండ్లు కనిపించాయి. తినాలని పెళ్లికూతురికి ఆశ పుట్టింది. అవి మోటువాళ్లు తినేవని మొగుడు తీసిపారేశాడు, పెళ్లి ఖర్చుల లెక్కల్లో మునిగిపోయాడు. ఆమె తానే దిగి వెళ్లి కోసుకుంది.

ఇల్లు చేరగానే అతనికి వ్యాపారానికి ముహూర్తం కుదిరింది. అయిదేళ్లు పరదేశంలో ఉండాలి. కొత్త పెళ్లికూతురిని ఇంట్లో వదిలి బయలుదేరాడు. దారిలో భూతం అతన్ని చూసి సంగతి తెలుసుకుంది. అతని రూపం ధరించి సేఠ్ ఇంటికి వచ్చింది. ఎందుకు వెనక్కి వచ్చావని తండ్రి కోప్పడబోతే, ఒక మహాత్ముడి వరంతో తనకు రోజూ పొద్దున అయిదు మొహరీలు దొరుకుతాయని చెప్పింది. రోజూ మొహరీలు చేతిలో పడుతుంటే తండ్రి మరేమీ అడగలేదు.

ఆ రాత్రి భూతం భార్య గదిలోకి వచ్చింది. ఇక్కడ కథ మలుపు తిరుగుతుంది. నేను నీ భర్తను కాను, అతని రూపంలో ఉన్న భూతాన్ని అని అది నిజం చెప్పేసింది. ఉండమంటే ఉంటాను, పొమ్మంటే పోతాను అన్నట్టుగా నిర్ణయం ఆమె చేతిలో పెట్టింది. అప్పటిదాకా ఆమెను ఎవరూ ఏదీ అడగలేదు. పెళ్లి అడిగి చేయలేదు, మొగుడు అడిగి వెళ్లలేదు. ఆమె ఊగిసలాడి, చివరికి ఉండమంది.

ఏళ్లు గడిచాయి. ఆమె కడుపుతో ఉంది. కబురు ఎలాగో అసలు మొగుడి చెవిన పడింది. అతను పరుగున వచ్చేసరికి ఆమె పురిటి నొప్పులు పడుతోంది. ఇద్దరు కొడుకులను చూసి ఊరు గొల్లుమంది. తీర్పు కోసం రాజు దగ్గరికి పోతుంటే దారిలో గొర్రెల కాపరి ఒకడు ఎదురయ్యాడు. రాజు దాకా ఎందుకు, నేను తేలుస్తానన్నాడు. పరీక్షలు పెట్టాడు. చివరి పరీక్ష, తన దగ్గర ఉన్న నీళ్ల తోలుతిత్తిలో దూరాలి. భూతం దూరింది. కాపరి మూతి బిగించి కట్టాడు. తిత్తిని నదిలో విసిరేశారు. మొగుడు గెలిచి ఇంటికి వచ్చాడు. ఆమె మాత్రం లోపల కుప్పకూలింది. ఆ ఇంట్లోనే, ఆ మనిషితోనే, బిడ్డను పెంచుకుంటూ బతకాలి. కథ అక్కడ ముగుస్తుంది.

రెండు కథలనూ పక్కపక్కన పెడితే సంఘటనలు దాదాపు ఒకటే. మొగుడు వెళ్లాడు, దయ్యం వచ్చింది, మొగుడు తిరిగొచ్చాడు, రాజుకు బదులు కాపరి తీర్పు చెప్పాడు, దయ్యం పాత్రలో చిక్కింది. మారినవి మూడే.

మొదటిది, ఎవరికి ఏమి తెలుసు అన్నది. బెంగాలీ కథలో భార్యకు ఏమీ తెలియదు. తెలియదు కాబట్టి ఆమె తప్పు లేదు, ఆమె ఇష్టం అన్న మాటా లేదు. దేథా ఒక్క రాత్రి సన్నివేశం చేర్చి ఆమెకు నిజం తెలిసేలా చేశారు. అంతే, మోసం కథ కాస్తా ఎంపిక కథ అయింది. ఇప్పుడు భూతం మోసగాడు కాదు, ఆమెతో నిజం చెప్పిన ఒకే ఒక్కడు. అసలు మొగుడు అబద్ధం ఆడలేదు, కానీ ఆమెను మనిషిగా చూడనూ లేదు. జానపద కథను తిరగరాసేవారు కొత్త సంఘటనల కోసం వెతుకుతుంటారు. ఇక్కడ అలాంటి అవసరం పడలేదు. ఒకరికి తెలియని సంగతి తెలిసేలా చేస్తే చాలింది.

రెండోది, కారణాలు. పాత కథలో మొగుడు వెళ్లడానికి కారణం పేదరికం, ఒక వాక్యంలో అయిపోతుంది. దువిధాలో అతను పేదవాడు కాదు. ఇంట్లో డబ్బు ఉంది, ఇంకా కావాలి. ఎర్రని పండ్ల సంగతి, పెళ్లి ఖర్చుల లెక్కలు, తండ్రి చేతిలో మొహరీలు, అన్నీ ఒకే మాట చెబుతున్నాయి. ఆ ఇంట్లో విలువ డబ్బుకే. పండ్ల సన్నివేశం కథ నడవడానికి అవసరం లేదు, అది తీసేసినా భూతం వస్తుంది, చిక్కుకుంటుంది. కానీ అది లేకపోతే ఆ రాత్రి ఆమె ఎందుకు సరేనందో మనకు తెలియదు. పెళ్లయిన కొద్దిరోజులకే గల్ఫ్ విమానం ఎక్కిన భర్తల ఇళ్లు హైదరాబాద్ పాతబస్తీలో, కడపలో, కరీంనగర్‌లో ఎన్నో ఉన్నాయి. వెళ్లినవాడు సేఠ్ కొడుకులా ఆశకు కాక, బ్రాహ్మణుడిలా అవసరానికే వెళ్లి ఉండవచ్చు. అయినా ఇంట్లో మిగిలిన అమ్మాయిని ఎవరు ఏమి అడిగారన్న ప్రశ్న రెండు చోట్లా ఒకటే. రాజస్థాన్ వర్తకుల ఊళ్లలో పుట్టిన ఈ కథ మనకు దూరంగా అనిపించకపోవడానికి కారణం అదే.

మూడోది, ముగింపు బరువు. సీసాకు బిరడా పడగానే బెంగాలీ కథలో వినేవారికి నవ్వు వస్తుంది, ఊపిరి తేలికవుతుంది. తిత్తి మూతి బిగిసినప్పుడు దువిధాలో గుండె బరువెక్కుతుంది. పని అదే, ఉపాయం అదే, కాపరి తెలివి అంతే. అతను తప్పు తీర్పు కూడా చెప్పలేదు. అసలు మొగుడు ఎవరన్న ప్రశ్నకు అది సరైన జవాబే. కానీ అప్పటికి కథ ప్రశ్న మారిపోయింది. ఆమె ఎవరితో ఉండాలనుకుంది? దీనికి తిత్తిలో జవాబు లేదు. కాపరి ఆమెను అడగలేదు, తండ్రి అడగలేదు, ఊరూ అడగలేదు. పాత కథలో భార్య మౌనం ఎవరి కంటా పడదు. కొత్త కథలో ఆ మౌనమే కథ.

ఇక్కడ పాఠకులు ఒక జాగ్రత్త పాటించాలి. దేథా బోరుందాలో విన్న కథ బెంగాలీ సంపుటంలోని కథ కాదు. ఆ రెండూ ఒక కుటుంబానికి చెందిన కథలు, అంతే. దువిధాలో ఏది విన్నది, ఏది చేర్చినది అని గీత గీసి చెప్పడం కుదరదు. పైగా డే గారు బెంగాలీలో విన్నదాన్ని ఇంగ్లీషులో రాశారు. నోటితో చెప్పేటప్పుడు ఆ చెప్పే మనిషి ఎక్కడ ఆగిందో, ఎక్కడ కొంగుతో కళ్లు ఒత్తుకుందో అచ్చులోకి రాదు. అందుకని పాత కథ చెప్పినవాళ్లకు భార్య బాధ తెలియదనుకోకూడదు. కథ దాన్ని మాటల్లో పెట్టదు, అంతవరకే మనం అనగలం. జానపద కథ తక్కువదీ కాదు. అయిదు నిమిషాల్లో చెప్పవచ్చు, పిల్లవాడు మర్నాడే మరొకరికి చెప్పగలడు. దువిధాను అలా చెప్పలేము. చెప్పబోతే భూతం, తిత్తి మిగులుతాయి, పండ్లు, ఆ రాత్రి మాటలు జారిపోతాయి. అంటే అది మళ్లీ జానపద కథ అయిపోతుంది.

తిరగరాయడం ఎక్కడ చెడుతుందో కూడా దీనివల్ల తెలుస్తుంది. పాత కథకు వర్ణనలు అద్ది, పాత్రలకు పేర్లు పెట్టి, ఊరికి కరెంటు ఇచ్చినంత మాత్రాన అది కొత్త కథ కాదు. ప్రశ్న పాతదే అయితే అది అదే కథ, పొడుగు పెరిగిందంతే. ఇంకో రకంగానూ చెడుతుంది. చివర్లో భార్య లేచి ఆడవారి హక్కుల మీద పేజీడు ఉపన్యాసం ఇస్తే కథ కరపత్రం అవుతుంది. పరీక్ష చాలా సులువు. కథను నాలుగు వాక్యాల్లో చెప్పండి. ఆ నాలుగు వాక్యాలు పాత కథకూ కొత్త కథకూ ఒకటే అయి, ముగింపు దగ్గర వినేవారి మనసు మాత్రం వేరే వైపు తిరిగితే, తిరగరాయడం కుదిరినట్టు.

దువిధా మీద రెండు హిందీ సినిమాలు వచ్చాయి. మణి కౌల్ 1973లో అదే పేరుతో తీసిన సినిమా దేథా ముగింపును ఉంచింది. అమోల్ పాలేకర్ 2005లో షారుఖ్ ఖాన్, రాణీ ముఖర్జీలతో ‘పహేలీ’ తీశారు. అందులో తిత్తిలో చిక్కిన భూతం బయటపడి, భర్త ఒంట్లోకే చేరి భార్య దగ్గరికి వస్తుంది. ప్రేక్షకుడు తృప్తిగా ఇంటికి వెళ్తాడు. ఆమె కోరిక కూడా తీరింది కదా అనిపిస్తుంది. కానీ అసలు భర్త ఏమైనట్టు? దేథా కథలో ఎవరూ అడగని మనిషి భార్య. ఇక్కడ ఆ చోటు భర్తకు దక్కింది. పహేలీ అంటే పొడుపుకథ. పేరుకు తగ్గట్టే, పాత జానపద కథలాగా అది మళ్లీ విప్పుకోగల చిక్కు అయింది. జవాబు మాత్రం తారుమారైంది. దువిధా విప్పుకోలేని చిక్కు కనుకనే దువిధా.

మన ఇళ్లలో కిస్సాలు తెలిసిన పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్ల దగ్గర కూర్చుని రాసుకునేవారు రెండు పనులను కలపకుండా ఉంటే మంచిది. మొదట విన్నది విన్నట్టు, చెప్పిన మాటల్లోనే, చెప్పినవారి పేరు, ఊరు, తేదీతో సహా దించుకోవాలి. ఉర్దూ, తెలుగు కలిపి చెబితే కలిపే రాయాలి. బాగుచేయడం అప్పుడే మొదలుపెడితే అసలు కథ ఎలా ఉండేదో తర్వాత ఎవరికీ తెలియదు. ఆ కాపీ భద్రంగా పెట్టాక, మరో కాగితం మీద తిరగరాయడానికి కూర్చోవాలి. అప్పుడు కథలో తన మనసులో మాట ఒక్కటీ చెప్పని మనిషి ఎవరో వెతకాలి. ఆ మనిషికి ఏమి తెలుసు, ఏమి తెలియదు అని అడగాలి. బ్రాహ్మణుడి ఇంట్లో ఆ మనిషి భార్య. మన నానీ చెప్పిన కథలో ఆ మనిషి ఎవరో ఆ కథే చెబుతుంది.